రావి వేరు పట్టిన గోడ

మా ఇల్లు బొంగులూరులో ఉన్నది. ఔటర్ రింగురోడ్డు వచ్చిన తరువాత సాగర్ రహదారి మీది బొంగులూరు గేటు పేరు నగరమంతటికీ తెలిసింది. చుట్టూ వెంచర్లు, అపార్టుమెంట్లు వెలిశాయి. ఊరి నడుమ మా తాతగారు కట్టించిన రాతి ఇల్లు మాత్రం అలాగే నిలిచి ఉన్నది. మట్టి అడుసుతో పేర్చిన రెండడుగుల మందపు గోడలవి. వెనుక భాగంలో దాదీ గది. ఎనభై ఏళ్ళు దాటిన దాదీ ఆ గది విడిచి ముందరి గదులలోకి రావడానికి ఎన్నడూ ఒప్పుకోలేదు. నిరుడు వానాకాలంలో ఆ గది గోడ పైఅంచున, కప్పు దగ్గర, ఒక రావి మొలక కనిపించింది. దసరా సెలవులనాటికి అది రెండు మూరల ఎత్తు పెరిగి, గాలికి ఆకులు గలగలలాడించసాగింది.

మాలో పెద్దవాడు గొడ్డలి తెచ్చాడు. అబ్బాజాన్ వద్దన్నారు. అలా అనడానికి కారణమున్నది. అంతకు నాలుగేళ్ళ ముందు బావి ప్రక్కనున్న దొడ్డిగోడలో ఇటువంటి రావిచెట్టునే మేము మొదలంటా నరికివేశాము. ఆ సమయంలో అబ్బాజాన్ ఊళ్ళో లేరు. నరికిన మరుసటి ఏడు ఏమీ కాలేదు. గోడ శుభ్రపడిందని మేము సంతోషించాము. రెండవ వానాకాలంలో, ఒక రాత్రి ముసురు పట్టి తెల్లవారుజామున వెలిసిన తరువాత, పదడుగుల గోడ ఉన్నపాటున కూలింది. రెండు మేకపిల్లలు రాళ్ళ క్రింద నలిగిపోయాయి. వాటికి ఆకు వేసి మా చిన్నారి లోపలికి వచ్చి పట్టుమని పది నిమిషాలు కూడా కాలేదు. ఆ పది నిమిషాల సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి ఎత్తరు.

చెట్టు ఉంటే గోడ పగులుతుందని అందరికీ తెలుసు. చెట్టును కొట్టివేసిన తరువాత గోడ ఎందుకు కూలిందో మాకు బోధపడలేదు. అబ్బాజాన్ నలభై ఏళ్ళు గచ్చుపని, సున్నపుపని చేసిన మేస్త్రీ. మాటలతో వివరించే అలవాటు ఆయనకు తక్కువ. "గొడ్డలి లోపల పెట్టు బేటా. ఆదివారం రాచకొండ పోదాం. అక్కడ చూస్తే మీకే తెలుస్తుంది" అన్నారు.

రాచకొండ అనే పేరు మా ప్రాంతంలో వినని వారు ఉండరు. 2016లో ఏర్పడిన పోలీసు కమిషనరేటుకు ఆ పేరు పెట్టినది మొదలు స్టేషను బోర్డుల మీద, వాహనాల మీద ఏళ్ళ తరబడి చదువుతూ వచ్చాము. ఆ పేరుగల కోట గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్నదని తెలిసి కూడా ఒక్కనాడైనా వెళ్ళలేదంటే ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది.

నవంబరులో ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు ముగియగానే బయలుదేరాము. ఇబ్రహీంపట్నం దాటి, మంచాల, ఆరుట్ల మీదుగా పోతుంటే ప్లాట్ల హద్దురాళ్ళు తగ్గి, గుండ్రాళ్ళ కొండలు, సీతాఫలం పొదలు, తండాలు ఎదురయ్యాయి. కోట ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వస్తుంది. 14వ శతాబ్ది ద్వితీయార్ధంలో రేచర్ల వెలమ ప్రభువైన అనపోత నాయకుడు దీనిని బలపరచి రాజధాని చేసుకున్నాడు. 'రసార్ణవ సుధాకరం' రచించిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఆ వంశంవాడే. 15వ శతాబ్దిలో కోట బహమనీ సుల్తానుల చేతికి వచ్చింది. ఆ తరువాత అధికారం గోల్కొండకు, హైదరాబాదుకు తరలిపోయింది. రాజ్యం నడిచే దారి మారినప్పుడు కోటను కూల్చడానికి ఎవరూ రానక్కరలేదు. కప్పు మీద మొలిచిన మొక్కను ఏటేటా పీకే మనిషి లేకపోతే చాలు.

తండావద్ద మేకలు కాచుకునే ఒక పెద్దాయన దారి చూపడానికి మాతో వచ్చాడు. అబ్బాజాన్ చేతికర్రను చూసి, "మెల్లగ రా సాబ్, రాళ్ళ మీద పాచి ఇంకా ఆరలే" అని ముందు నడిచాడు. కొండవాలు పొడవునా గోడ కనిపించింది. సున్నం లేదు, అడుసు లేదు. మనిషి ఎత్తు బండలను ఒకదానిపై ఒకటి ఎత్తి, సందులలో చిన్న చిన్న రాతి చెక్కలు బిగించి కట్టిన గోడ అది. బరువే దానికి సున్నం. ఒకచోట బండ అంచున వరుసగా చేతివ్రేలి పొడవు గాళ్ళు కనిపించాయి. రాయిని చీల్చడానికి మేకులు దిగవేసిన చోట్లవి. అబ్బాజాన్ వాటిని వ్రేలితో తడిమి చూసి, "పని మధ్యలో ఆపేసి పోయినట్టున్నది" అన్నారు. ఆరువందల ఏళ్ళనాటి పనివాడు భోజనానికి లేచి వెళ్ళాడేమో అన్నట్టుగా ఉన్నది ఆ మాట.

గోడ విరిగిన ఒకచోట అబ్బాజాన్ మమ్మల్ని నిలిపారు. బయట ఒక వరుస బండలు, లోపల ఒక వరుస బండలు, నడుమ రాళ్ళముక్కలు, మట్టి. మేము ఒకే గోడ అనుకున్నది నిజానికి రెండు గోడలు. మా ఇంటి గోడ కూడా అంతేనన్నారు ఆయన, కాకపోతే రాళ్ళు చిన్నవి. ఆ నడిమి మట్టే చెట్టుకు కావలసినది.

రావి, మర్రి, మేడి జాతుల గింజలు గసగసాలంత ఉంటాయి. పండు తిన్న పక్షి గోడమీద వాలి రెట్ట వేస్తుంది. ఆ రెట్టతోపాటు గింజ ఏ సందులోనో అతుక్కుంటుంది. వానాకాలంలో మొలకెత్తి రెండు ఆకులు వేస్తుంది. అప్పటినుండి కొంతకాలం పైన పెరుగుదల కనిపించదు. మనం దానిని చూసి, బలహీనమైన మొక్క, ఎండకు అదే చచ్చిపోతుందని అనుకుంటాము. ఆ కాలమంతా అది పని చేసేది క్రిందనే. దారంవంటి వేరును సందులగుండా, నడిమి మట్టిలోగుండా నేలవైపు దించుతుంది. వేరు కొస నేలను తాకిన నాటినుండి చెట్టు తీరే మారిపోతుంది. నీరు, బలం దొరకడంతో వేరు లావెక్కడం మొదలుపెడుతుంది. రాళ్ళను తోసేది వేరు కొస కాదు, ఆ లావెక్కడమే. కొస ఉన్న సందును వెదుక్కుంటూ పోతుంది. వెనుకనున్న వేరు ఆ సందును వెడల్పు చేస్తుంది.

మేము నిలుచున్న చోటికి నాలుగు బారల దూరంలో గోడమీద ఒక పాత రావిచెట్టు ఉన్నది. దాని వేళ్ళు బయటి బండల మీదుగా, చేయి చాపి వ్రేళ్ళు విడదీసినట్టు, నేలదాకా దిగాయి. కొన్ని తొడంత లావు. రెండు బండలు గోడ వరుసనుండి జానెడు ముందుకు వచ్చి, క్రింద ఆధారమే లేకుండా వేళ్ళ నడుమ వ్రేలాడుతున్నాయి. చెట్టే వాటిని ఒడిసి పట్టుకున్నది. గోడను విరిచినది ఆ చెట్టే. విరిగిన గోడను ఇంతకాలం నిలబెట్టినదీ ఆ చెట్టే.

"ఇప్పుడు దీన్ని కొట్టు" అన్నారు అబ్బాజాన్ మాలో పెద్దవాడితో. వాడు తల వంచుకున్నాడు.

అప్పుడు మాకు దొడ్డిగోడ సంగతి కళ్ళకు కట్టింది. మొదలు నరికినంత మాత్రాన గోడలోని వేరు ఎక్కడికీ పోదు. కొంత భాగం చిగుర్లు వేసి, ఒక్క చెట్టు ఉన్నచోట నాలుగు కొమ్మలై లేస్తుంది. చచ్చిన భాగం ఒకటి రెండేళ్ళలో చీకిపోతుంది. వేరు ఉన్నచోట బోలు ఏర్పడుతుంది. అంతవరకు ఆ వేరును ఆనుకున్న రాళ్ళకు ఇక ఆసరా ఉండదు. పైనుండి వాన నీరు ఆ బోలులో దిగి, నడిమి మట్టిని నానబెట్టి, బయటి వరుసను త్రోస్తుంది. మొదటి ఏడు ఏమీ కాకపోవడం, రెండవ వానాకాలంలో కూలడం, రెండింటికీ కారణం ఇదే. మేము గోడను శుభ్రపరచలేదు. దాని లోపల ఒక గొట్టం తయారుచేశాము.

అక్కడినుండి పొదలు తప్పించుకుంటూ ఒక చిన్న మండపానికి చేరుకున్నాము. గుడి ముందరి మండపమో, వేరే ఏదైనా కట్టడమో చెప్పలేము. లోపలి గది కూలి రాళ్ళకుప్ప అయినది. స్తంభాల దగ్గర నడుములోతు గొయ్యి ఒకటి ఉన్నది. గుప్తనిధుల కోసం ఎవరో త్రవ్వినది. దొరికినది ఏమిటో తెలియదు గాని, ఒక స్తంభం పాదం క్రింద మట్టి పోయి ఆ స్తంభం ఓరగా నిలిచి ఉన్నది. ఏ చెట్టూ ఇంత తొందరగా ఇంత చేటు చేయదు.

మండపంలో కాసేపు కూర్చున్నాము. ఎండ ఎక్కుతున్నది. కప్పులో ఒక బండ జారిపోయిన చోటినుండి వెలుగు ఏటవాలుగా పడి, దుమ్ము రేణువులు అందులో తేలుతున్నాయి. వెలుగు పడిన మేర గడ్డి మొలిచింది. ఆ చుట్టూ నీడలో బండలపై పచ్చని పాచి. మరికొంత దూరాన, తడి అందని చోట, బూడిదరంగు మచ్చలు. మా చిన్నారి ఆ వెలుగులో చేయి పెట్టి ఆడుకుంటున్నది. ఫొటో తీయవలసిన దృశ్యమే, తీశాము కూడా. అబ్బాజాన్ మాత్రం తల ఎత్తి కప్పునే చూస్తున్నారు.

"వెలుగు చూసి మురిసిపోకండి. ఆ వెలుగు వచ్చే దారినే నీళ్ళూ వచ్చాయి" అన్నారు.

తరువాత ఆయన చెప్పినది ఇది. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద కప్పు బండలు. ఇటువంటి కప్పులమీద పూర్వం సున్నం, ఇటుక ముక్కలు కలిపి దట్టంగా దిమ్మిస వేసేవారు. నీరు నిలువకుండా వాలు పెట్టేవారు. ఆ పొర పగిలితే ముందుగా మట్టి చేరుతుంది, తరువాత గడ్డి, ఆ తరువాత గింజ. వేరు రెండు బండల నడుమ దిగి వాటిని ఎడం చేస్తుంది. ఒక బండ కొస దూలం మీద ఆనుకునే చోటు బెత్తెడే ఉంటుంది. ఆ బెత్తెడు జరిగితే బండ క్రింద పడుతుంది. రాయి మీద ఎంత బరువైనా పెట్టవచ్చు, ఓర్చుకుంటుంది. అదే రాయిని రెండు కొసల మీద నిలిపి నడుమ వంచితే ఓర్చుకోలేదు, పుటుక్కున విరుగుతుంది. అందువలననే కూలిన మండపాలలో స్తంభాలు నిలిచి ఉంటాయి, కప్పులు ఉండవు.

పాచిని చూసి కూడా కట్టడం సంగతి చెప్పవచ్చునట. ఎండ తగలని గోడకు వానాకాలంలో పాచి పట్టడం సహజం, దానితో భయం లేదు. వానలు వెలిసి నెలలు గడిచినా ఒకచోట మాత్రమే చారలాగా పచ్చగా ఉన్నదంటే ఆ రాళ్ళ వెనుక నీరు నిలిచి ఉన్నదని అర్థం. మండపం వెనుకగోడకు అటువంటి చార ఒకటి ఉన్నది. దానిపైన చూస్తే, సరిగ్గా ఆ నిలువునే, కప్పుమీద ఒక మేడిమొక్క.

జొహర్ వేళకు క్రిందికి దిగి, బండమీద చాప పరచి నమాజు చేసుకుని, తెచ్చుకున్న రొట్టెలు తిన్నాము. దారి చూపిన పెద్దాయన మాకు సీతాఫలాలు కోసి ఇచ్చాడు. తాను చిన్నతనంలో మేకలను తోలుకుని ఆ మండపంలోకే వానకు చేరేవాడినని, అప్పుడు కప్పు నిండుగానే ఉండేదని చెప్పాడు. అంటే ఆరువందల ఏళ్ళనాటి ఆ కట్టడంలో మేము చూసిన ఆ కన్నం ఒక మనిషి వయసుకంటె చిన్నది.

ఇటువంటి చిక్కు మన ఊళ్ళకే పరిమితం కాదు. కంబోడియాలోని ఆంగ్కోర్ వద్ద తా ప్రోమ్ అనే ఆలయాన్ని 12వ శతాబ్ది చివరలో ఏడవ జయవర్మ కట్టించాడు. అక్కడి గోడలమీద, కప్పులమీద మహావృక్షాలు పెరిగి, వేళ్ళు ఏనుగు తొండాలవలె దిగి ఉంటాయి. చెట్లను కొట్టితే రాళ్ళు పడతాయి, ఉంచితే గోడలు విరుగుతాయి. 2000 తరువాతి సంవత్సరాలలో మన పురావస్తు శాఖవారు కంబోడియా ప్రభుత్వంతో కలిసి ఆ ఆలయంలో పని చేశారు. కూలిన వసారాల రాళ్ళను తిరిగి పేర్చారు. పెద్ద చెట్లను తీసివేయకుండా అవసరమైన చోట ఆసరాలు నిలిపారు. అక్కడ చెట్టును చూడటానికే లోకం వస్తున్నది గనుక అది సాధ్యమయింది. రాచకొండకు అంత చూపు లేదు. దాదీ గదికి అసలే లేదు.

ఇంటికి వచ్చిన మరునాడు అబ్బాజాన్ పని మొదలుపెట్టారు. మొదట దారానికి గుండు కట్టి గోడ పైఅంచునుండి వ్రేలాడదీశారు. గోడ నిటారుగా ఉంటే దారానికీ రాళ్ళకూ నడుమ ఎడం పైనుండి క్రిందిదాకా ఒకేలా ఉండాలి. మా గోడకు నడుమ భాగంలో రాళ్ళు అంగుళంన్నర బయటికి వచ్చాయి. మేస్త్రీల భాషలో దీనిని గోడ కడుపు చేయడమంటారు. లోపలి మట్టి ఉబ్బి, బయటి వరుసను లోపలి వరుసనుండి వేరు చేసినదన్నమాట. ఆ కొలతను, తేదీని గోడమీదనే బొగ్గుతో వ్రాశారు.

తరువాత గది లోపలివైపు, పగులుకు అడ్డంగా మూడు చోట్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీలు పెట్టారు. అరచేతి పొడవు, రెండు వ్రేళ్ళ వెడల్పు. వాటిమీద కూడా తేదీ వేశారు. పాత పగులు పెరుగుతున్నదా, ఆగిపోయిందా అని కంటితో చెప్పలేము. గోడ ఏమాత్రం కదిలినా, వంగడం తెలియని ఈ పట్టీ ముందుగా చీలుతుంది. చీలకపోతే ఆ పగులు పాతదే, దానిని సున్నంతో నింపి ఊరుకోవచ్చు.

ఇక మొక్క. వ్రేలికంటె సన్నగా ఉన్నప్పుడే అయితే, వాన పడిన మరునాడు సందు తడిగా ఉండగా, చుట్టూ మట్టి గోకి, వేరుతో సహా మెల్లగా లాగివేయవచ్చునన్నారు. మా మొక్క ఆ దశ దాటింది. మొదట కొమ్మలు తీసివేశారు. గాలికి ఊగే ఆకుల బరువే వేరును గోడలో కదిలిస్తుంది గనుక ముందుగా ఆ బరువు తగ్గాలి. జానెడు మోడు మిగిల్చి కోసి, కోసిన వెంటనే, పాలు కారి గాయం మూసుకునేలోపుగానే, చేతికి తొడుగు వేసుకుని కలుపుమందు కుంచెతో ఆ కోతమీద పూశారు. మందు వేరులోకి దిగాలంటే ఆలస్యం కూడదు. వేరు చచ్చిందని తేలిన తరువాతనే క్రిందినుండి పైకి, కొంచెం కొంచెంగా, పలుచటి సున్నపు పాలు పోసి బోలు నింపాలి. పైనుండి ఒక్కసారిగా పోస్తే గాలి లోపల చిక్కుబడి సగం బోలు అలాగే ఉండిపోతుంది. సిమెంటు వేస్తే పని తొందరగా అవుతుంది కదా అని మాలో చిన్నవాడు అడిగాడు. సిమెంటు సున్నంకంటె గట్టిగా బిగుసుకుంటుంది, లోపలి తడిని బయటికి పోనివ్వదు, ఆ తడి మట్టిని మళ్ళీ ఉబ్బిస్తుంది అన్నారు అబ్బాజాన్. ఎన్నో పాత మసీదుల గోడలకు సిమెంటు పూసి పాడుచేసిన పనులు ఆయన కళ్ళారా చూసినవే.

ఇంత చేసినా మాకు నిశ్చింత దొరకలేదు. ఈ ఏడు వానలు పడిన మూడవ వారంలో, దాదీ మంచం ప్రక్కనున్న నడిమి పట్టీమీద వెంట్రుకంత గీత కనిపించింది. గుండు వేసి చూస్తే అంగుళంన్నర కాస్తా రెండుంబావు అయినది. మోడు చచ్చినా గోడ కదలిక ఆగలేదు. అబ్బాజాన్ రెండుసార్లు కొలిచి చూసి, కర్ర ఆనించుకుని అరుగుమీద కూర్చున్నారు. ఇంటిలో అందరికంటె ముందు దాదీయే తేరుకున్నది. "మేకపిల్లల తరువాత మనిషి వంతు దాకా ఆగుతారా?" అని తానే తన పెట్టె పట్టుకుని ముందరి గదిలోకి నడిచింది.

ఆ గోడను విప్పడం గత వారం మొదలుపెట్టాము. మొదట కప్పు దూలాలకు గదిలోపల గుంజలు నిలిపి, బరువు గోడమీద లేకుండా చేశాము. ప్రతి రాయిమీద వరుస సంఖ్య సున్నంతో వ్రాసి, పైనుండి ఒక్కొక్కటే దించి, దించిన వరుసలోనే వాకిట్లో పేర్చుతున్నాము. వాటితోనే గోడ మళ్ళీ లేవాలి. నాలుగవ వరుస తీసినప్పుడు నడిమి మట్టిలో వేరు బయటపడింది. పైన మొక్క రెండు మూరలే. లోపల వేరు బొటనవ్రేలి లావున, ఎక్కడా తెగకుండా, ఒక్కొక్క రాయిని చుట్టుకుంటూ దిగింది. ఈ ఉదయానికి తొమ్మిది అడుగులు కొలిచాము. కొస ఇంకా కనిపించలేదు.